ఎగ్జాస్ట్ బ్రేక్ లైటు ఆరిపోయింది, ఫ్లాప్ మాత్రం తెరుచుకోలేదు: ఒక లారీ కేసు

వనస్థలిపురం ఆటోనగర్‌లో మా షెడ్డుకు వచ్చే లారీల్లో ఎక్కువ భాగం విజయవాడ హైవే బండ్లే. ఈ కేసు మాత్రం శ్రీశైలం రోడ్డుది. పది టైర్ల లారీ, బీఎస్ 4 ఇంజన్, పొగ శుద్ధికి యూరియా ద్రావణం వాడే రకం. లోడుతో కలిపి చట్టప్రకారం 28.5 టన్నుల దాకా వెళ్లొచ్చు. హైదరాబాద్ నుంచి ఇనుప కడ్డీలు వేసుకుని కల్వకుర్తి, మన్ననూరు, దోమలపెంట మీదుగా శ్రీశైలం డ్యామ్ దగ్గరకు దిగి, వంతెన దాటి, సున్నిపెంట వైపు ఎక్కి దోర్నాల, మార్కాపురం పోతుంది. నెలకు నాలుగైదు ట్రిప్పులు.

ఓనర్ చెప్పిన కంప్లయింట్ ఒక్క ముక్కలో ఇది: ఘాట్‌లో ఇంజన్ వేడెక్కి ఎర్ర లైటు వస్తోంది. అప్పటికే వేరే షెడ్డులో థర్మోస్టాట్ మార్చారు, రేడియేటర్ విప్పి కడిగించారు, ఫ్యాన్ క్లచ్ కొత్తది వేశారు. 38,000 రూపాయలు పోయాయి. తర్వాతి ట్రిప్పులో మళ్లీ అదే చోట అదే లైటు. ఆ షెడ్డువాళ్లను నేను తప్పుపట్టను. స్క్రీన్ మీద నీళ్ల వేడి అని కనిపిస్తే ఎవరైనా ముందు నీళ్ల దారే చూస్తారు.

డ్రైవర్ నాకంటే పెద్దవాడు, ముప్పై ఏళ్లుగా స్టీరింగ్ మీద ఉన్న మనిషి. ఆయన్ను విడిగా కూర్చోబెట్టి చాయ్ తాగుతూ అడిగాను.

"ఎర్ర లైటు వచ్చినప్పుడు ఏం చేసినవ్ అన్నా?"

"కీ బంద్ చేసి పది నిమిషాలు ఆగి మళ్లా కొట్టిన. లైటు పోయింది. మళ్లా ఒక కిలోమీటరుకు వచ్చింది. మళ్లా బంద్ చేసిన."

"ఎన్నిసార్లు?"

"నాలుగుసార్లు అయి ఉంటది. ఇంజన్ అయితే ఆగలే గదా, అంత పెద్ద ప్రాబ్లం కాదనుకున్న."

ఈ చివరి మాట దగ్గర మళ్లీ ఆగుతాను. అంతకంటే ముందు ఆయన చెప్పిన ఇంకో మాట అసలు తాళం తీసింది. శంషాబాద్ వైపు గానీ, విజయవాడ రోడ్డు మీద గానీ, అంతే లోడు వేసుకుని ఎండలో పోయినా బండి వేడెక్కదట. కల్వకుర్తి దాకా సూది మధ్యలోనే ఉంటుంది. డ్యామ్ దగ్గరకు దిగి, వంతెన దాటి, లింగాలగట్టు నుంచి ఎక్కుడు మొదలైతేనే గొడవ. రేడియేటర్ పాడైతే రోడ్డు పేరు చూసి వేడెక్కదు. ఈ ఎక్కుడుకు ముందు మాత్రమే జరిగేది ఏమిటని ఆలోచిస్తే నాకు ఒక్కటే కనిపించింది: అంతకుముందు బండి చాలాసేపు దిగుడులో ఉంది, ఆ దిగుడంతా ఎగ్జాస్ట్ బ్రేక్ మీదే వచ్చింది.

ఇంజన్ కంప్యూటర్ రాసిపెట్టుకున్నది

ల్యాప్‌టాప్ పెట్టి పాత ఫాల్ట్‌లు తీశాను.

```
SPN 110  FMI 16  OC 9
SPN 110  FMI 0   OC 4
SPN 102  FMI 18  OC 6
```

మొదటి అంకె ఏ భాగమో చెబుతుంది, రెండోది ఎలాంటి తేడానో, మూడోది ఎన్నిసార్లు జరిగిందో. 110 అంటే కూలెంట్ వేడి. దాని పక్కన 16 ఉంటే హద్దు దాటింది, ఒక మోస్తరు తీవ్రత. 0 ఉంటే దాటడంలో ఆఖరి మెట్టు. మొదటిదానికి పసుపు లైటు వచ్చి ఇంజన్ తన శక్తిని తానే తగ్గించుకుంటుంది. రెండోదానికి ఎర్ర స్టాప్ లైటు, బజర్. తొమ్మిదిసార్లు పసుపు, అందులో నాలుగుసార్లు ఎరుపు దాకా పోయింది. డ్రైవర్ చెప్పిన లెక్క సరిపోయింది, అబద్ధం చెప్పలేదు.

పాత షెడ్డులో మొదటి రెండు లైన్లే చూసినట్టున్నారు. నాకు మూడోది ఆసక్తిగా అనిపించింది. 102 అంటే టర్బో ఇచ్చే బూస్ట్ ప్రెషర్, 18 అంటే ఉండాల్సినదానికంటే తక్కువ. రేడియేటర్ మూసుకుపోయి ఇంజన్ వేడెక్కితే దానికోసం బూస్ట్ పడిపోవాల్సిన పనిలేదు. బూస్ట్ తగ్గి, అదే సమయంలో వేడి పెరిగిందంటే పొగ బయటకు పోయే దారిలో ఏదో అడ్డు ఉందని అనుమానించాలి. టర్బో చక్రం తిరిగేది దాని ముందు, వెనక ఉన్న ప్రెషర్ల తేడాతో. వెనక అడ్డు పడితే తేడా తగ్గుతుంది, చక్రం మందగిస్తుంది, గాలి తక్కువ వస్తుంది. పోవాల్సిన వేడి పొగ సిలిండర్ల దగ్గరే తచ్చాడుతుంది. ఆ వేడంతా చివరికి నీళ్లలోకే వస్తుంది.

ఎగ్జాస్ట్ బ్రేక్ చేసే పనే సరిగ్గా ఇది, కావాలని చేస్తుంది. టర్బో తర్వాత పైపులో ఒక గుండ్రటి ఫ్లాప్ ఉంటుంది. డ్రైవర్ స్విచ్ వేసి ఎక్సలేటర్ మీద నుంచి కాలు తీయగానే కంప్యూటర్ సోలనాయిడ్ వాల్వ్‌కు కరెంటు ఇస్తుంది, ట్యాంకులోని గాలి చిన్న సిలిండర్‌లోకి వెళ్లి లివర్‌ను తోస్తుంది, ఫ్లాప్ మూసుకుంటుంది. పొగ బయటకు పోలేక పిస్టన్లకు ఎదురు నిలుస్తుంది, బండి పట్టినట్టు ఆగుతుంది. కాలు మళ్లీ ఎక్సలేటర్ మీద పెట్టగానే కరెంటు ఆగిపోవాలి, గాలి బయటకు బుస్సున పోవాలి, స్ప్రింగ్ ఫ్లాప్‌ను తెరవాలి.

ఇప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఉన్న ఆకుపచ్చ లైటు సంగతి. ఈ బండిలో ఆ లైటు వెలిగేది కంప్యూటర్ సోలనాయిడ్‌కు ఆజ్ఞ ఇచ్చినప్పుడు. ఫ్లాప్ ఎక్కడుందో చూసి చెప్పే సెన్సార్ దానికి లేదు. అంటే లైటు వెలిగితే "మూసుకోమని చెప్పాను" అని, ఆరితే "ఇక చెప్పడం లేదు" అని మాత్రమే అర్థం. తెరుచుకుందని కాదు. కంప్యూటర్ ఇక్కడ గమనించేది వైరు తెగిందా, షార్ట్ అయిందా అన్నది వరకే. మా కేసులో వైరు, సోలనాయిడ్ కాయిల్ రెండూ భేషుగ్గా ఉన్నాయి. కాబట్టి ఎగ్జాస్ట్ బ్రేక్ పేరుతో ఒక్క ఫాల్ట్ కూడా నమోదు కాలేదు. ఎంత వెతికినా ఆ పేరు దొరకదు.

చల్లగా ఉన్నప్పుడు అంతా బాగానే ఉంది

మర్నాడు పొద్దున బండి కిందికి దూరాను. ఇంజన్ చల్లగా ఉంది. లివర్ తెరిచిన స్టాపర్‌కు ఆని ఉంది. చేత్తో తోస్తే కదిలింది, వదిలితే ఠక్కున వెనక్కి వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నా లెక్క తప్పిందేమో అనుకున్నాను. అక్కడితో వదిలేసి ఉంటే నేనూ ఇంకో పదివేలు ఖర్చుపెట్టించి పంపేవాణ్ణి.

లివర్ పూర్తిగా తెరిచినప్పుడు దాని కొన ఎక్కడుందో అక్కడ బ్రాకెట్ మీద తెల్ల పెయింటుతో ఒక గీత పెట్టాను. పూర్తిగా మూసినప్పుడు ఎక్కడుంటుందో అక్కడ ఇంకో గీత. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి బాగా వేడెక్కే దాకా ఉంచి, 1500 ఆర్‌పీఎమ్ దగ్గర పెట్టి, ల్యాప్‌టాప్ నుంచి ఫ్లాప్‌ను మూయడం, తెరవడం మొదలుపెట్టాం. కుర్రాడు క్యాబిన్‌లో, నేను కింద టార్చ్‌తో. మొదటి ఐదారుసార్లు గీత నుంచి గీతకు నీటుగా వెళ్లొచ్చింది. ఏడోసారి ఎక్కువసేపు మూసి ఉంచమన్నాను, ఘాట్‌లో ఉన్నట్టు. పైపు వేడికి ముఖం మీద ఆవిరి కొడుతోంది. తెరవమన్నాను. పైన కుర్రాడు "లైటు పోయిందన్నా" అని అరిచాడు. లివర్ బయలుదేరింది, తెల్ల గీతకు ఇంకా ఒక వేలెడు దూరం ఉండగా ఆగిపోయింది. అలాగే నిలబడింది.

ఇక్కడ ఒక చిన్న పరీక్ష ఉంది, చాలామంది చేయరు. లివర్ నిలిచిపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. సోలనాయిడ్ వాల్వ్‌కు గాలి వదిలే రంధ్రం ఉంటుంది, అది బురదతో మూసుకుపోతే సిలిండర్‌లో గాలి చిక్కుకుపోయి లివర్‌ను పట్టుకుంటుంది. లేదంటే ఫ్లాప్ ఇరుసే బుష్‌లో బిగుసుకుని ఉంటుంది. తేడా తెలియాలంటే లివర్ నిలిచిపోయిన ఆ స్థితిలోనే సిలిండర్‌కు వచ్చే గాలి పైపు నట్టు మెల్లగా వదులు చేయాలి. గాలి బుస్సుమని పోయి లివర్ ఎగిరి స్టాపర్‌కు తగిలితే వాల్వ్ దోషం. ఏమీ జరగకపోతే ఇరుసు దోషం. మేము వదులు చేస్తే గాలి లేదు, లివర్ కదల్లేదు. స్పానర్‌తో తడితే అప్పుడు గీత మీదికి పోయింది. వాల్వ్ మారిస్తే ఇక్కడ డబ్బు దండగ అయ్యేది.

ఆ వేలెడు దూరం ఎంత హాని చేస్తుందో కూడా కొలవాలనిపించింది. షెడ్డులో ఖాళీగా రేస్ చేస్తే తేడా కనపడదు. లోడు లేనప్పుడు పొగ తక్కువ, సగం మూసిన తలుపులోంచి అది హాయిగా పోతుంది. అందుకే ఫ్లాప్ ముందు ఉన్న ప్లగ్గు తీసి, మీటరు పొడవు రాగి గొట్టం బిగించి, అక్కడి నుంచి రబ్బరు పైపుతో గేజ్‌ను క్యాబిన్‌లోకి తెచ్చాను. రాగి గొట్టం లేకుండా నేరుగా రబ్బరు పెడితే అర నిమిషంలో కాలిపోతుంది. లోడు బండితో పెద్ద అంబర్‌పేట దాటి హైవే మీద, ఫుల్ ఎక్సలేటర్‌లో చూశాం. లివర్ చిక్కుకుని ఉన్నప్పుడు 0.55 బార్. ఆపి, స్పానర్‌తో గీత మీదికి నెట్టి మళ్లీ అదే ముక్క నడిపితే 0.15. డ్రైవర్ పక్కనే ఉన్నాడు. గేజ్ చూడకుండానే "ఇప్పుడు పికప్ వచ్చింది" అన్నాడు.

విప్పి చూస్తే ఇరుసు, బుష్ మధ్య మసి, తుప్పు కలిసి గట్టి పేస్టులా పట్టేసి ఉంది. చల్లగా ఉన్నప్పుడు కాస్త సందు ఉంటోంది, వేడికి ఇనుము వ్యాకోచించగానే ఆ సందు పోతోంది. సిలిండర్ లోపలి స్ప్రింగ్ తుప్పుపట్టి బలం తగ్గింది. స్ప్రింగ్ తుప్పుకు కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు: ఏర్ ట్యాంక్ డ్రెయిన్ లాగితే ముందు నీళ్లు, తర్వాత తెల్లటి నూనె నురగ వచ్చింది. ఏర్ డ్రయ్యర్ కార్ట్రిడ్జ్ ఎప్పుడు మార్చారో ఓనర్‌కు గుర్తే లేదు.

ఎర్ర లైటు, "ఇంజన్ ఆగలే గదా"

డ్రైవర్ మాటకు ఇప్పుడు వస్తాను. ఎర్ర స్టాప్ లైటు వచ్చాక కొన్ని బండ్లలో కంప్యూటర్ కొద్ది సెకన్లు టైమిచ్చి ఇంజన్‌ను తానే ఆపేస్తుంది. కొన్నింటిలో ఆ సెట్టింగ్ ఆఫ్‌లో ఉంటుంది, శక్తి తగ్గించి ఊరుకుంటుంది. మలుపులో, వంతెన మీద, రైలు గేటు దగ్గర ఇంజన్ తానే ఆగిపోతే ఇంకో ప్రమాదం కాబట్టి ఆ నిర్ణయం మనిషికి వదిలేస్తారు. ఈ బండి రెండో రకం. అంటే ఇంజన్ ఆగకపోవడం సీరియస్ కాదన్నదానికి గుర్తు కాదు, "నువ్వే ఆపు" అని అర్థం. ముప్పై ఏళ్ల డ్రైవర్‌కు ఈ మాట ఎవరూ చెప్పలేదు. కొత్త బండి డెలివరీ రోజు ఓనర్‌కు పువ్వులదండ వేసి ఫొటో తీస్తారు, నడిపేవాడికి డ్యాష్‌బోర్డు చూపించరు.

కీ బంద్ చేసి మళ్లీ కొడితే లైటు ఎందుకు పోయిందన్నది కూడా ఆయనకు వివరించాను. ఆ పది నిమిషాల్లో కొంత వేడి తగ్గింది. స్టార్ట్ చేయగానే పంపు తిరిగి రేడియేటర్‌లోని చల్లటి నీళ్లు సెన్సార్ దగ్గరకు వచ్చాయి. హద్దు కింద ఉంది కాబట్టి లైటు లేదు. ఫ్లాప్ మాత్రం ఉన్నచోటే ఉంది. లోడుతో మళ్లీ ఎక్కుతుంటే కిలోమీటరులో అదే వేడి. పైగా శక్తి తగ్గించినందుకు బండి లాగట్లేదని ఆయన చిన్న గేర్ వేసి ఎక్సలేటర్ నేలకు నొక్కాడు. గాలి వేగం తక్కువ, మంట ఎక్కువ. కాపాడుకునే ఇంజన్‌కు, నడిపే మనిషికి మధ్య కుస్తీ జరిగింది.

ఎర్ర లైటు వచ్చాక ఇంజన్‌ను ఎప్పుడు ఆపాలన్నది దాని వెనక ఉన్న కారణాన్ని బట్టి ఉంటుంది. ఆయిల్ ప్రెషర్ అయితే బండి పక్కకు రాగానే, ఒక్క నిమిషం కూడా ఐడిల్‌లో ఉంచకుండా ఆపేయాలి. కూలెంట్ లెవెల్ పడిపోయినా అంతే. ఇక్కడ ఒక మోసం ఉంది: నీళ్లు పూర్తిగా పోతే సెన్సార్ చుట్టూ ఆవిరే ఉంటుంది, వేడి సూది కిందికి రావచ్చు. సూది దిగింది కదా అని నడిపితే ఇంజన్ పట్టేస్తుంది. నీళ్లు నిండుగా ఉండి, ఆయిల్ ప్రెషర్ బాగుండి, కేవలం వేడి మాత్రమే పెరిగితే చాలా ఇంజన్లకు రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపడం మంచిది, లేదంటే టర్బోలో, హెడ్‌లో ఉన్న వేడి అక్కడే నిలిచిపోతుంది. ఆ బండి మాన్యువల్ ఇంకోలా చెబితే మాన్యువల్ మాటే వినాలి. కారణం తెలియకపోతే ఆపేయడమే.

ఘాట్‌లో ఆపడం చెప్పినంత సులువు కాదు. ఇంజన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, కంప్రెసర్ ఆగుతుంది, బ్రేకులకు ట్యాంకులో మిగిలిన గాలే గతి. అందుకే కదులుతున్న బండిలో కీ తిప్పకూడదు. ముందు వెడల్పున్న చోట పక్కకు తీసి, పార్కింగ్ బ్రేక్ లాగి, క్లీనర్ దిగి వెనక చక్రాలకు రాయి పెట్టాక మిగతాది. రాయి మాత్రం బయలుదేరేముందు తీసి పక్కన పారేయాలి. నడిరోడ్డు మీద వదిలేసిన రాయి రాత్రి బైకు మీద వచ్చేవాడి ప్రాణం తీస్తుంది.

మా ఓనర్‌కే ఇంకో ట్రెయిలర్ ఉంది, దానికి గేర్‌బాక్స్ మీద ఆయిల్ రిటార్డర్. ఇదంతా విన్నాక దాని లైటు కూడా ఘాట్ దిగేటప్పుడు మిణుకుమిణుకుమంటుందని, బ్రేక్ పట్టు తగ్గుతుందని చెప్పి, అదీ విప్పమన్నాడు. అక్కర్లేదన్నాను. ఆయిల్ రిటార్డర్ బండి వేగాన్ని వేడిగా మార్చి ఇంజన్ కూలెంట్‌లోకే పోస్తుంది. పై మెట్టులో అలాగే వదిలేసి, పెద్ద గేర్‌లో, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంటే నీళ్ల పంపు, ఫ్యాన్ కూడా నెమ్మదిగానే తిరుగుతాయి. వేడి పేరుకుంటుంది, హద్దు దగ్గరకు రాగానే రిటార్డర్ తనంతట తాను పట్టు తగ్గించుకుంటుంది. ఆ మిణుకు అదే చెబుతోంది. దిగుడు మొదట్లోనే ఒకటి రెండు గేర్లు కిందికి వేసి ఆర్‌పీఎమ్ పెంచితే సరిపోతుంది. దిగుడు మధ్యలో పట్టు తగ్గిందని కంగారుపడి కాలి బ్రేకు నొక్కిపట్టడమే ప్రమాదం, డ్రమ్ములు కాలిపోతాయి.

బాగు చేసింది

లారీకి ఫ్లాప్, సిలిండర్ కలిపి సెట్టు మార్చాం. బుష్ మాత్రం వేయిద్దామని ఓనర్ బేరమాడాడు కానీ ఇరుసే అరిగి గాడి పడింది, కొత్త బుష్ వేసినా నాలుగు నెలలకు మళ్లీ అదే కథ. డ్రయ్యర్ కార్ట్రిడ్జ్ మార్చి ట్యాంకులన్నీ ఖాళీ చేశాం. కూలింగ్ సిస్టమ్‌కు 1 బార్ గాలి ఎక్కించి పావుగంట ఉంచితే సూది కదల్లేదు, హెడ్ గ్యాస్కెట్ బతికింది. టర్బో అంత అదృష్టానికి నోచుకోలేదు. బయటకు తీస్తే పొగ వైపు ఆయిల్ చెమ్మ ఉంది. ఇరుసు ఆట ఇంకా హద్దులోనే ఉంది కాబట్టి మార్చలేదు, 5000 కిలోమీటర్లకు తెచ్చి చూపించమన్నాను.

లైటు మాత్రం పాతదే. ఫ్లాప్ స్థానం చూసే సెన్సార్‌ను నేను కొత్తగా పెట్టలేను, ఆ బండి కంప్యూటర్‌లో దానికి చోటు లేదు. అందుకని కొత్త బ్రాకెట్ మీద కూడా తెల్ల గీత పెట్టి డ్రైవర్‌ను, క్లీనర్‌ను ఇద్దరినీ కిందికి దూర్చి చూపించాను. డ్యామ్ దగ్గర దిగుడు అయిపోయాక ఎటూ చాయ్‌కు ఆగుతారు. అప్పుడే, పైపు ఇంకా వేడిగా ఉండగా, చేయి పెట్టకుండా టార్చ్ వేసి లివర్ కొన గీత మీద ఉందో లేదో చూడాలి. దూరంగా ఉంటే ఎక్కుడు మొదలుపెట్టకుండా ఫోన్ చేయాలి.

తర్వాతి ట్రిప్పులో లింగాలగట్టు నుంచి ఫోన్ వచ్చింది. "గీత మీదనే ఉందన్నా. కానీ గీత మీద బురద పడ్డది, నీళ్లతో కడిగి చూసినం." వేడి పైపు మీద నీళ్లు పోశారా అని అడిగితే ఒక క్షణం ఏమీ మాట్లాడలేదు. గుడ్డతో తుడవమని చెప్పి పెట్టేశాను. 5000 కిలోమీటర్ల తర్వాత వచ్చినప్పుడు టర్బో దగ్గర చెమ్మ అంతే ఉంది, పెరగలేదు. లాగ్‌లో 110 గానీ 102 గానీ కొత్తగా ఒక్కటి కూడా లేదు.